‘అదంతా అమ్మకాల డబ్బే’ అని రాసే ముందు

ఆదాయపు పన్ను శాఖ నోటీసులో అసలు విషయం సాధారణంగా మూడు వాక్యాల్లోనే ఉంటుంది. “2023-24లో మీ సేవింగ్స్ ఖాతాలో 31,40,000 రూపాయల నగదు జమ అయింది. మీరు రిటర్నులో చూపిన నగదు అమ్మకాలు 13,20,000 రూపాయలు. మిగిలిన 18,20,000 రూపాయలను లెక్కలో చూపని నగదుగా ఎందుకు పరిగణించకూడదో ఆధారాలతో వివరించండి.” మిగతా పేజీల్లో ఉండేవి సెక్షన్ల నంబర్లు, గడువు తేదీ, జవాబు ఇవ్వకపోతే ఏమవుతుందన్న హెచ్చరిక.

ఇలాంటి నోటీసు ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రంలో కిరాణా దుకాణం నడుపుకునే వ్యక్తికి వచ్చిందనుకుందాం. ఈ దుకాణదారూ అతని అంకెలూ ఉదాహరణ కోసం అల్లినవి. అతని లేఖకు అడ్డం వచ్చే చట్టాలు, గడువులు, చిక్కులు మాత్రం నిజమైనవే. ఇంటి లోను కోసం అతను రిటర్ను వేశాడు. మొత్తం అమ్మకాలు 19,20,000 అని, అందులో ఫోన్‌పే, గూగుల్‌పే ద్వారా వచ్చింది 6,00,000 అని, మిగతాది నగదు అని చూపాడు. లాభం 2,30,000. ఆ ఏడాది కొత్త విధానంలో 3 లక్షల దాకా పన్ను లేదు కాబట్టి కట్టాల్సింది ఏమీ రాలేదు. రిటర్ను వేశాను, పని అయిపోయిందనుకున్నాడు.

ఖాతాలో ఎంత నగదు వేశాడో శాఖకు ఎలా తెలిసిందన్నది చాలామందికి వచ్చే మొదటి సందేహం. బ్యాంకే చెబుతుంది. ఒక మనిషి సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదికి మొత్తం 10 లక్షలు, అంతకు మించి నగదు పడితే బ్యాంకు ఆ వివరం శాఖకు పంపాలి. కరెంట్ ఖాతాకైతే ఆ హద్దు 50 లక్షలు. పెద్ద నోట్ల రద్దు రోజుల్లో, 2016 నవంబరు 9 నుంచి డిసెంబరు 30 దాకా, సేవింగ్స్ ఖాతాలకు ఈ హద్దును రెండున్నర లక్షలకు దించారు. ఆ సమాచారంతోనే 2017 జనవరి 31న ‘ఆపరేషన్ క్లీన్ మనీ’ మొదలుపెట్టి, తొలి విడతలో దాదాపు 18 లక్షల మందిని వివరణ అడిగారు. ఇప్పుడైతే ఎవరి వివరాలు వాళ్లే ఆదాయపు పన్ను పోర్టల్లో, వార్షిక సమాచార నివేదికలో చూసుకోవచ్చు. రిటర్ను వేసేముందు అందులో ‘నగదు జమ’ అన్న వరుస ఒక్కసారి చూసి ఉంటే మన దుకాణదారుడికి ఈ నోటీసు ముందే కనబడేది.

నోటీసు చేతికి రాగానే ముందు చూడాల్సింది అది నిజంగా శాఖ పంపిందేనా అన్నది. 2019 అక్టోబరు 1 నుంచి శాఖ పంపే ప్రతి నోటీసు మీదా ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. పోర్టల్లోకి లాగిన్ కాకుండానే ఆ సంఖ్య కొట్టి నిజానిజాలు తేల్చుకోవచ్చు. ఈమెయిల్లో వచ్చిన లింకు నొక్కకుండా ఈ పని చేసుకోవాలి, ఎందుకంటే పన్ను నోటీసుల పేరుతో మోసగాళ్లు కూడా మెయిళ్లు పంపుతుంటారు. రెండోది గడువు. తరచుగా రెండు వారాలు ఇస్తారు. చాలకపోతే పోర్టల్లోనే ఇంకొంత సమయం అడగవచ్చు. అడగకుండా, జవాబు ఇవ్వకుండా వదిలేస్తే అధికారి తన దగ్గరున్న సమాచారంతోనే లెక్క తేల్చేస్తాడు. పైగా నోటీసును పట్టించుకోనందుకు 10,000 జరిమానా వేయవచ్చు.

ఇక్కడ దుకాణదారులు చేసే పని ఒకటుంది. నోటీసు తీసుకుని ఆడిటర్ దగ్గరికి వెళతారు. “డబ్బంతా షాపుదేనండీ, ఇంకెక్కడి నుంచి వస్తుంది?” అంటారు. ఆడిటర్ ఇంగ్లీషులో నాలుగు పేరాలు టైపు చేస్తాడు: ఖాతాలో పడిన నగదంతా కిరాణా అమ్మకాల తాలూకుదే, పొరపాటున తక్కువ చూపాం, చిన్న వ్యాపారులకు వర్తించే 8 శాతం లెక్కన లాభం కట్టుకోండి. దుకాణదారుడు చదవకుండానే సరే అంటాడు.

ఈ జవాబు వెనక ఒక లెక్క ఉంది. ఆ లెక్క తెలియకపోతే ఇంతమంది దీనివైపు ఎందుకు మొగ్గుతారో అర్థం కాదు. ఖాతాలో పడిన డబ్బు ఎక్కడిదో చెప్పలేకపోతే చట్టం దాన్ని ‘వివరణ లేని ధనం’గా చూస్తుంది. 2016 డిసెంబరులో చేసిన సవరణ తర్వాత, మన ఉదాహరణలోని సంవత్సరానికి, అలాంటి ధనం మీద పన్ను 60 శాతం. దాని మీద నాలుగో వంతు సర్‌చార్జి, ఆ పైన 4 శాతం సెస్సు, వెరసి 78 శాతం. ఖర్చులు తీసేసుకోవడం కుదరదు. 3 లక్షల మినహాయింపు దీనికి రాదు. అంటే 18,20,000 మీద 14 లక్షల 20 వేలకు దగ్గరగా పన్ను. ఆ డబ్బు అమ్మకాలదని తేలితే పన్ను వేయాల్సింది అమ్మకం మొత్తం మీద కాదు, అందులోని లాభం మీద. 8 శాతం లెక్కన ఆ లాభం 1,45,600 మాత్రమే. అది మామూలు శ్లాబుల్లోకి వస్తుంది. అతను ముందే చూపిన లాభంతో కలిపినా, అప్పటి రిబేటు వల్ల కట్టాల్సింది సున్నా కావచ్చు.

లెక్కకు రాని అమ్మకం బయటపడినప్పుడు మొత్తం అమ్మకాన్ని ఆదాయంగా కలపకూడదు, అందులోని లాభాన్నే కలపాలి అన్నది కోర్టులు ఒప్పుకున్న సూత్రం. గుజరాత్ హైకోర్టు ప్రెసిడెంట్ ఇండస్ట్రీస్ కేసులో చెప్పిన ఈ మాటను దేశమంతా పన్ను కేసుల్లో ఉదహరిస్తారు. కాబట్టి ఆడిటర్ రాసింది చట్టం తెలియక కాదు. అయినా ఆ లేఖ పంపితే దుకాణదారుడు రెండు చోట్ల ఇరుక్కుంటాడు.

మొదటి చిక్కు సరుకు దగ్గర వస్తుంది. 18,20,000 కూడా అమ్మకాలే అంటే ఏడాది మొత్తం అమ్మకం 37,40,000 కావాలి. అంత అమ్మాలంటే కనీసం 32, 33 లక్షల సరుకు కొని ఉండాలి. ఆ కొనుగోలు బిల్లులు పంపండి అని అధికారి అడుగుతాడు. మన దుకాణదారుడి దగ్గరున్న హోల్‌సేల్ బిల్లులన్నీ కలిపితే 18,40,000. బియ్యం, పప్పులు, నూనెలు, సబ్బులు, బిస్కెట్లు అన్నీ అందులోనే. కొనని సరుకు అమ్మానని ఎవరూ నిరూపించలేరు. అమ్మకమని నిరూపించలేకపోతే లాభం మీదే పన్ను అన్న కోర్టు మాట అక్కరకు రాదు, లెక్క మళ్లీ 78 శాతం దగ్గరికే వచ్చి ఆగుతుంది. లేఖలో ఒక వివరణ అబద్ధమని తేలాక మిగతా వివరణలను కూడా అధికారి అనుమానంతోనే చూస్తాడు.

రెండో చిక్కు జీఎస్టీ. సరుకులు అమ్మేవాళ్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిన హద్దు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. సత్తుపల్లిలో దుకాణానికి ఒక హద్దు, సరిహద్దు దాటి తిరువూరులో అదే దుకాణానికి దానికి రెట్టింపు హద్దు. ఖమ్మం జిల్లా దుకాణదారుడు తన సంతకంతో “నా అమ్మకాలు 37 లక్షలు” అని ఒక పన్ను శాఖకు రాసి ఇచ్చాడంటే, సంవత్సరం మధ్యలోనే 20 లక్షలు దాటినా రిజిస్ట్రేషన్ లేకుండా వ్యాపారం చేశానని ఒప్పుకున్నట్టే. ఆ కాగితం వాణిజ్య పన్నుల శాఖకు చేరితే హద్దు దాటిన రోజు నుంచి అమ్మిన సరుకు మీద పన్ను, వడ్డీ, జరిమానా అడుగుతారు. చిన్న వ్యాపారులకు ఒక శాతంతో సరిపెట్టే కంపోజిషన్ పథకం ముందే కోరుకున్నవాళ్లకు తప్ప గడిచిపోయిన కాలానికి దొరకదు. ఆ కాలానికి మామూలు రేట్లే పడతాయి. ఒక నోటీసుకు జవాబు చెప్పబోయి ఇంకో నోటీసును అతను తన చేత్తోనే రాసుకున్నట్టవుతుంది.

అందుకే లేఖ రాయడం కంటే ముందు బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని కూర్చోవాలి. ఏడాదిలో పడిన ప్రతి నగదు జమ పక్కన అది ఎక్కడిదో పెన్సిలుతో రాసుకోవాలి. ఈ పని ఆడిటర్ చేయలేడు. ఏ రోజు గల్లాలో ఎంత ఉందో, ఆ రోజు బ్యాంకుకు ఎందుకు వెళ్లాడో తెలిసింది దుకాణదారుడికి ఒక్కడికే. తెలుగులోనే రాసుకోవచ్చు, చేతిరాత చాలు. ఇంగ్లీషులో పెట్టడం తర్వాతి సంగతి.

మన దుకాణదారుడు అలా కూర్చున్నాడు. స్టేట్‌మెంట్ చూడగానే ఒక విషయం తేలింది. దాదాపు వారానికి రెండుసార్లు 8 వేలు, 12 వేలు, 15 వేలు నగదు పడుతోంది, ఆ సాయంత్రమో మర్నాడో దాదాపు అంతే మొత్తం ఒక కంపెనీ ఖాతాకు వెళ్లిపోతోంది. అది దుకాణంలో నడిపే మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటరు. చుట్టుపక్కల గ్రానైట్ పనుల్లో ఉన్న ఒడిశా, బీహార్ కూలీలు తమ కూలి డబ్బు ఇతని చేతికిస్తారు. ఇతను కంపెనీ యాప్ ద్వారా వాళ్ల ఇళ్లకు పంపుతాడు. యాప్‌లో బ్యాలెన్స్ వేయడానికి ఆ నగదును తన సేవింగ్స్ ఖాతాలో వేసి కంపెనీకి బదిలీ చేస్తాడు. ఏడాదిలో ఇలా నడిచిన మొత్తం 11,30,000. అందులో అతనికి మిగిలింది నూటికి అర్ధరూపాయి కమిషన్, అంటే 5,650. నోటీసులో కనిపించిన తేడాలో సగానికి పైగా అతని డబ్బే కాదు. ఆ సంగతి ఎప్పుడూ ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాక, తనకే తట్టలేదు.

ఊళ్లలో ఒకే ఖాతాలో ఇంటి డబ్బు, దుకాణం డబ్బు, ఇతరుల డబ్బు కలిసిపోవడం మామూలు. నోటీసులన్నీ దాదాపు ఇక్కడే పుడతాయి. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ జమల ఆధారంగా చిన్న వ్యాపారులకు నోటీసులు పంపినప్పుడూ ఇదే గొడవ వచ్చింది. చుట్టాలు పంపిన డబ్బు, చేబదుళ్లు, పన్నే లేని పాలు, కూరగాయల అమ్మకాలు అన్నీ ఒకే అంకెలో కలిసి కనిపించాయి. బెంగళూరులో కొన్ని దుకాణాల ముందు ‘యూపీఐ లేదు, నగదు మాత్రమే’ అన్న బోర్డులు వెలిశాయి. నగదు తీసుకున్నా చివరికి బ్యాంకులో వేయక తప్పనప్పుడు ఆ బోర్డు ఏం కాపాడుతుందో మన ఖమ్మం ఉదాహరణే చెబుతుంది.

కమిషన్ కౌంటరు తీసేశాక మిగిలిన జమల్లో మూడు పెద్దవి కనిపించాయి. సెప్టెంబరులో స్లాబ్ వేయించడానికి తన ఖాతా నుంచే మూడు లక్షలు తీశాడు. వానలకు పని ఆగింది. మేస్త్రీకి 40 వేలు అడ్వాన్సు ఇచ్చి, మిగిలిన 2,60,000 అక్టోబరులో మళ్లీ అదే ఖాతాలో వేశాడు. తీసిన డబ్బు తిరిగి వేశానంటే ఒప్పుకునే అవకాశం ఉన్నది మధ్యలో గడిచిన కాలం తక్కువగా ఉన్నప్పుడు, ఆ డబ్బు వేరే దేనికీ ఖర్చయినట్టు ఆధారం లేనప్పుడు. నెల రోజులంటే నమ్మవచ్చు. ఏడెనిమిది నెలలంటే అంతకాలం అంత నగదు ఇంట్లో ఎందుకు ఉంచారని అడుగుతారు.

మార్చిలో పడిన 2,80,000 మిర్చి డబ్బు. రెండెకరాల సొంత భూమి, పట్టాదారు పాసు పుస్తకం, ఖమ్మం మార్కెట్ యార్డులో ఇచ్చిన తక్‌పట్టీలు ఉన్నాయి. వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు. ఇందులో ఒక లోపం మాత్రం ఉంది. వ్యవసాయ ఆదాయం 5,000 దాటినవాళ్లు చిన్న వ్యాపారులకిచ్చే సుగమ్ ఫారం వాడకూడదు, పెద్ద ఫారంలో ఆ ఆదాయాన్ని చూపాలి. ఇతను సుగమ్ వేశాడు, మిర్చి మాటే రాయలేదు. కమిషన్ ఆదాయానికి కూడా 8 శాతం పద్ధతి వర్తించదు, దాన్ని విడిగా చూపాలి. ఇవి దాచదగ్గవి కావు. “రిటర్నులో చూపడం తప్పిపోయింది, ఆధారాలు ఇవిగో” అని లేఖలో రాస్తే అధికారి అడగకముందే చెప్పిన తప్పులవుతాయి.

మూడోది లక్ష రూపాయలు. జూన్‌లో తల్లిని ఆసుపత్రిలో చేర్చిన రాత్రి బావమరిది తెచ్చి చేతిలో పెట్టాడు. ఆసుపత్రివాళ్లకు కార్డుతో కట్టడానికి ఆ డబ్బు డిపాజిట్ మెషిన్‌లో వేశాడు. ఈ లక్ష దగ్గరే లేఖ అతి జాగ్రత్తగా రాయాలి. 20,000, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. తీసుకుంటే, తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా వేయవచ్చు. అప్పు ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ వ్యవసాయ ఆదాయమే ఉండి ఇద్దరికీ పన్నుకు లోబడే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంది కానీ, కిరాణా దుకాణం ఉన్న మనిషి దాని మీద ఆధారపడలేడు.

ఇక్కడ ఆడిటర్‌కో, స్నేహితుడికో ఒక ఉపాయం తడుతుంది. “అప్పు అనొద్దు, బావమరిది బహుమతిగా ఇచ్చాడని రాయి.” భార్య సోదరుడు చట్టం దృష్టిలో బంధువే, బంధువు ఇచ్చిన బహుమతికి పన్ను లేదు, కాబట్టి కాగితం మీద ఇది పనిచేసేలా కనిపిస్తుంది. కానీ అదే స్టేట్‌మెంట్‌లో నవంబరులో బావమరిదికి 50 వేలు ఫోన్‌పేలో వెళ్లినట్టుంది, మార్చిలో ఇంకో 50 వేలు. బహుమతిని రెండు వాయిదాల్లో తిరిగి ఎవరూ కట్టరు. అధికారి చేతిలో ఉన్న కాగితమే లేఖను అబద్ధమంటుంది. నిజం చెప్పడమే మేలు. ఎందుకంటే ఈ జరిమానా తప్పనిసరి కాదు. సహేతుకమైన కారణం చూపితే వేయకూడదని చట్టమే అంటోంది. ఆసుపత్రిలో చేర్చిన తేదీ, డబ్బు వేసిన తేదీ, ఆసుపత్రి బిల్లు కట్టిన తేదీ ఒకే రోజుకు వస్తే అంతకంటే బలమైన కారణం దొరకదు.

ఇవన్నీ తీసేస్తే మిగిలింది 13,70,000. ఇది దుకాణం గల్లా నుంచి వెళ్లిన డబ్బు. అతను రిటర్నులో చూపిన నగదు అమ్మకాలు 13,20,000, అందులో 1,60,000 బ్యాంకుకు వెళ్లకుండానే పాలు, గుడ్లు, కూలి, ఇంటి ఖర్చులకు పోయింది. అంటే చూపిన అమ్మకాల నుంచి బ్యాంకుకు వెళ్లగలిగింది 11,60,000 మాత్రమే. మిగతా 2,10,000 ఎక్కడిది?

దీనికి జవాబు కొనుగోలు బిల్లుల్లో దొరికింది. 18,40,000 పెట్టి కొన్న సరుకును 19,20,000కు అమ్మానంటే నూటికి నాలుగు రూపాయలు మిగిలినట్టు. దుకాణం అద్దె, కరెంటు 60 వేలు పోతే చేతికొచ్చేది 20 వేలు. అతను రిటర్నులో చూపిన లాభం 2,30,000. ఈ రెండూ పొసగవు. అమ్మకాలకు ఆ 2,10,000 కలిపి 21,30,000 అనుకుంటే సరుకు మీద 2,90,000 మిగులుతుంది, ఖర్చులు పోతే సరిగ్గా అతను చూపిన 2,30,000. లాభం అతను నిజాయితీగానే చెప్పాడు. దసరా, దీపావళి, సంక్రాంతి రోజుల్లో రద్దీ వల్ల చిట్టాలో రాయకుండా వదిలేసిన అమ్మకాలే ఆ తేడా. కొనుగోళ్లకూ అమ్మకాలకూ మధ్య మార్జిన్ కిరాణాకు తగ్గట్టు ఉందా లేదా అన్నది అధికారులు చూసే మొదటి పరీక్షల్లో ఒకటి. దుకాణదారుడు ఆ పరీక్ష తనకు తానే ముందు పెట్టుకోవాలి.

ఇప్పుడు లేఖ రాయవచ్చు. చదివే అధికారి ఖమ్మంలో ఉండడు. 144బి సెక్షన్ కింద ముఖాముఖి లేని విచారణ కాబట్టి దేశంలో ఎక్కడో కూర్చుంటాడు. మిర్చి యార్డు అంటే ఏమిటో, తక్‌పట్టీ అంటే ఏమిటో అతనికి తెలియకపోవచ్చు. ప్రతి కాగితం ఏమిటో ఒక వాక్యంలో చెప్పాలి. లేఖ నడక ఇలా ఉండవచ్చు:

“అయ్యా, మీరు అడిగిన 31,40,000 రూపాయల నగదు జమలను తేదీలవారీగా అనుబంధం 1లో ఇచ్చాను. ఇందులో 11,30,000 నాది కాదు. నా దుకాణంలోని మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటరులో కూలీలు ఇచ్చిన డబ్బు ఇది. జమ అయిన రోజునో మర్నాడో కంపెనీకి బదిలీ అయింది. కంపెనీ ఇచ్చిన లెడ్జరు, బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కపక్కన పెట్టి చూపాను. దీని మీద నాకు వచ్చిన కమిషన్ 5,650. దాన్ని రిటర్నులో చూపలేదు, ఇప్పుడు కలుపుకోమని కోరుతున్నాను.

“నా దుకాణం అమ్మకాలు 19,20,000 కాదు, 21,30,000. పండగ రోజుల అమ్మకాలు 2,10,000 చిట్టాలో రాయలేదు. కొనుగోలు బిల్లులు 18,40,000కు జతచేశాను. నేను చూపిన లాభం 2,30,000 ఈ పెరిగిన అమ్మకాలకు చట్టం చెప్పే కనీస లాభం కంటే ఎక్కువ. కాబట్టి ఈ 2,10,000 మొత్తాన్ని ఆదాయంగా కలపవద్దని కోరుతున్నాను.”

ఆ కనీస లాభం ఎంతో చూద్దాం. నగదు అమ్మకాలు 15,30,000 మీద 8 శాతం, ఫోన్‌లో వచ్చిన 6,00,000 మీద 6 శాతం, కలిపి 1,58,400. అతను చూపింది అంతకంటే ఎక్కువే. అధికారి ఒప్పుకోక ఆ 2,10,000 మీద ఇంకో 8 శాతం కలిపినా పెరిగేది 16,800. కమిషన్‌తో కలిపి మొత్తం ఆదాయం రెండున్నర లక్షల చిల్లర, 3 లక్షల లోపే. 14 లక్షల 20 వేల ప్రశ్నగా మొదలైంది, కాగితాలు నిలబడితే ఆదాయపు పన్ను సున్నాగా తేలుతుంది.

కానీ ఈ నిజం అతన్ని తెలంగాణ జీఎస్టీ హద్దు దాటించింది. 21,30,000 అంటే 20 లక్షల పైనే. ఇందులో విడిగా తూచి అమ్మే బియ్యం, పప్పుల మీద పన్ను లేదు గానీ హద్దు లెక్కలో అవీ కలుస్తాయి. ఈ ఒక్క కారణంతో ఆ 2,10,000ను ఇంకేదో పేరుతో రాయాలనిపించడం సహజం. అలా రాస్తే పైన చెప్పిన మార్జిన్ లెక్క కూలిపోతుంది, దానితోపాటు లేఖ మొత్తం. నష్టం కూడా భయపడినంత పెద్దది కాదు. నెలకు లక్షా డెబ్బై వేల చొప్పున అమ్మే దుకాణం 20 లక్షలు దాటేది మార్చిలో. ఆ సంవత్సరంలో జీఎస్టీ పడేది ఆ తర్వాతి కొద్ది రోజుల అమ్మకాల్లో పన్ను ఉన్న సరుకు మీదే. అసలు బరువు తర్వాతి నెలలది. హద్దు దాటిన 30 రోజుల్లో రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. ఎన్నాళ్లు ఆలస్యమైతే అన్నాళ్ల అమ్మకాల మీద పన్ను పేరుకుంటుంది. ఆదాయపు పన్ను లేఖ పంపే వారంలోనే జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసి, అదే 21,30,000 అంకెతో వాణిజ్య పన్నుల శాఖ దగ్గరికి తానే వెళ్లడం మంచిది. రెండు కార్యాలయాల్లో రెండు అంకెలు చెప్పినవాడికి రెండు చోట్లా జవాబు ఉండదు.

పాత సంవత్సరాల లెక్కలు ఇంకా 1961 నాటి చట్టం కిందే నడుస్తాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చినా 2023-24 నోటీసుకు జవాబులో పాత సెక్షన్లే ఉంటాయి.

లేఖ వెళ్లాక అధికారి ఇంకోసారి అడగవచ్చు. వివరణ నచ్చక ఆదాయం పెంచాలనుకుంటే ముందు షోకాజ్ నోటీసు ఇవ్వాలి. అప్పుడు వీడియోలో మాట్లాడే అవకాశం అడగవచ్చు. మిర్చి, మనీ ట్రాన్స్‌ఫర్ లాంటివి కాగితం మీద కంటే మాటల్లో తేలిగ్గా అర్థమవుతాయి కాబట్టి ఆ అవకాశం వదులుకోకూడదు. ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే 30 రోజుల్లో అప్పీలు వేయాలి. అప్పీలు తేలేదాకా వసూలు ఆపాలంటే సాధారణంగా డిమాండులో 20 శాతం కట్టమంటారు. 14 లక్షల 20 వేల డిమాండు అయితే 2 లక్షల 84 వేలు, చిన్న దుకాణం ఏడాది లాభం కంటే ఎక్కువ. అప్పీలు అధికారి మొదటి విచారణలో ఇవ్వని కొత్త ఆధారాలను మామూలుగా తీసుకోడు. ఎందుకు అప్పుడు ఇవ్వలేకపోయారో సరైన కారణం చూపితేనే తీసుకుంటాడు. అందువల్ల తక్‌పట్టీలు, కంపెనీ లెడ్జరు, హోల్‌సేల్ బిల్లులు, ఆసుపత్రి రశీదు అన్నీ మొదటి లేఖతోనే వెళ్లాలి. కంపెనీ లెడ్జరు రావడానికి పది రోజులు పడుతుందంటే, గడువు పొడిగించమని ముందే అడిగి అది చేతికొచ్చాకే లేఖ పంపాలి.